చేతికి 41,000 అన్న ఉత్తరాన్ని దిద్దిన రోజులు

బీమా క్లెయిమ్ తేలిన తర్వాత పాలసీదారులకు వెళ్ళే సందేశాలను దిద్దడం నా పని. ఎవరికి ఎంత ఇవ్వాలన్నది నేను నిర్ణయించను. నష్టాన్ని సర్వేయర్ చూసి నివేదిక ఇస్తారు, దాన్ని బట్టి క్లెయిమ్స్ అధికారి మొత్తాన్ని తేలుస్తారు, ఆయన రాసిన ముసాయిదా నా దగ్గరికి వస్తుంది. చదివే మనిషికి అర్థమయ్యేలా మార్చి వెనక్కి పంపుతాను. ఇప్పుడు చెప్పబోయేది అలాంటి ఒక సందేశం గురించి. ఒక గంటలో అయిపోతుందనుకున్న పని నాలుగు రోజులు పట్టింది.

క్లెయిమ్ వేసినావిడ ఇంట్లో నీళ్ళ పైపు పగిలింది. ఆవిడ ఊళ్ళో లేరు. తిరిగి వచ్చేసరికి రెండు గదుల్లో నీళ్ళు నిలిచిపోయి ఉన్నాయి. చెక్క ఫర్నిచర్ ఉబ్బిపోయింది, టీవీతో పాటు మరికొన్ని ఎలక్ట్రానిక్ వస్తువులు పాడయ్యాయి, పరుపులు, బట్టలు పనికిరాకుండా పోయాయి. ఇంట్లోని వస్తువులకు బీమా ఉంది. అన్నీ కలిపి 1,84,000 అడిగారు. నా దగ్గరికి వచ్చిన ముసాయిదా ఇదీ:

«మీ క్లెయిమ్ పరిష్కరించబడినది. పాలసీ నిబంధనలకు లోబడి వర్తించు మినహాయింపులు అనగా పాలసీ ఎక్సెస్ 10,000, తరుగుదల 40,000, అండర్ ఇన్సూరెన్స్ 54,000 మరియు మినహాయింపు పరిధిలోని అంశము 9,000 పోను, అడ్వాన్సు సర్దుబాటు అనంతరం 41,000 మీ ఖాతాకు జమ చేయబడును. ఇది పూర్తి మరియు అంతిమ పరిష్కారముగా పరిగణించబడును.»

ఇలాంటిది చేతికి రాగానే మాటలు మార్చడం మొదలుపెట్టకూడదని కొన్నేళ్ళ కిందటే తెలుసుకున్నాను. ముందు ఒక కాగితం మీద అంకెలు నిలువుగా రాస్తాను. అడిగినది పైన, తీసేసినవి ఒక్కొక్కటిగా కింద. 1,84,000లోంచి 9,000, 40,000, 54,000, 10,000 తీసేస్తే 71,000 వచ్చింది. ఉత్తరంలో మాత్రం 41,000 ఉంది. మధ్యలో 30,000 ఏమైందంటే, నష్టం జరిగిన వారానికే ఆవిడకు అవసరాల కోసం అడ్వాన్సుగా ఇచ్చిన సొమ్ము అది. ఫైల్లో ఉంది. ఉత్తరంలో «అడ్వాన్సు సర్దుబాటు» అన్న రెండు మాటలే ఉన్నాయి, అంకె లేదు.

అలా వదిలేస్తే ఆవిడ 41,000నే తన క్లెయిమ్‌కు తేల్చిన మొత్తం అనుకుంటారు. అది తప్పు. క్లెయిమ్ తేలింది 71,000కి. అందులో 30,000 ఇప్పటికే ఆవిడ చేతికి చేరింది, ఇప్పుడు పడేది మిగిలిన 41,000. ఈ రెండు అంకెలూ వేరువేరుగా, రెండూ కనిపించేలా ఉండాలి. తీసివేతల మధ్య అడ్వాన్సును కలిపేస్తే అది కూడా ఒక కోతలా కనిపిస్తుంది. అడ్వాన్సు కోత కాదు, ఆవిడకు ముందే ముట్టిన డబ్బు.

ఇక మాటలు. మొదట «మినహాయింపు» దగ్గర ఆగాను. ఈ చిన్న ఉత్తరంలో అది రెండుసార్లు వచ్చింది, రెండు చోట్లా అర్థం వేరు. మొదటిసారి వచ్చినప్పుడు లెక్కలోంచి తీసేసిన మొత్తం అని. రెండోసారి, పాలసీ వర్తించని విషయం అని. పైగా బయట జనం నోట్లో ఈ మాటకు మూడో అర్థం ఉంది: పన్నులో మినహాయింపు, ఫీజులో మినహాయింపు అంటే మనకు కలిసొచ్చేది. «మీకు 9,000 మినహాయింపు» అని చదివి సంతోషించే మనిషి ఉండొచ్చు. అందుకే నా సందేశాల్లో ఈ మాటను వాడను. లెక్కలోంచి పోయినదాన్ని «తీసేసినది» అంటాను, పాలసీ వర్తించనిదాన్ని «పాలసీ కిందకు రానిది» అంటాను. ఇంటి మాటలే. కానీ ఒక్కోదానికి ఒక్కటే అర్థం ఉంది, నాకు కావలసింది అదే.

రెండోది «ఎక్సెస్». ఇంతకన్నా ఇబ్బంది పెట్టే మాట మా పనిలో నాకు తగల్లేదు. బీమా వాళ్ళకు ఎక్సెస్ అంటే ప్రతి క్లెయిమ్‌లోనూ పాలసీదారు సొంతంగా భరించాల్సిన మొదటి భాగం. తెలుగులో మామూలుగా ఎక్సెస్ అంటే ఎక్కువైంది, అదనం. ఇదివరకు ఒక పాలసీదారు ఫోన్ చేసి, «ఆ ఎక్సెస్ 5,000 నాకు ఎప్పుడు వేస్తారండీ?» అని అడిగారు. ఇంకొకాయన కోపంగా, «నేను ఒక్క పైసా ఎక్కువ రాయలేదు, బిల్లులన్నీ ఇచ్చాను, ఎక్సెస్ అని ఎలా అంటారు?» అన్నారు. ఒకరు అది తనకు అదనంగా వచ్చే సొమ్ము అనుకున్నారు, ఇంకొకరు తన మీద వేసిన నింద అనుకున్నారు. ఇద్దరిదీ తప్పు కాదు. మేం రాసిన మాటకు వాళ్ళకు తెలిసిన అర్థమే తీసుకున్నారు.

ఆ మాటను పూర్తిగా తీసేయడం కూడా కుదరదు, ఎందుకంటే పాలసీ షెడ్యూల్‌లో అదే మాట ఉంటుంది. పాలసీ తెరిచి సరిచూసుకోవాలనుకునే వాళ్ళకు ఆ మాట దొరకాలి. అందుకని ముందు అర్థం చెప్పి, తర్వాత పేరు చెప్తాను: ఏ క్లెయిమ్‌లోనైనా మొదటి 10,000 మీరే భరించాలని పాలసీలో ఉంది, షెడ్యూల్‌లో దీన్నే ఎక్సెస్ అని రాశారు. ఈ క్లెయిమ్‌లో ఆ 10,000లో రెండు భాగాలున్నాయని షెడ్యూల్ చూస్తే తెలిసింది. 5,000 అందరికీ తప్పనిసరిగా ఉండేది. ఇంకో 5,000 పాలసీ తీసుకునేటప్పుడు ప్రీమియం తగ్గుతుందని ఆవిడ తానుగా ఎంచుకున్నది. ఈ విభజన చెప్పి తీరాలి. కలిపి 10,000 అంటే, «నాకు చెప్పింది 5,000 కదా» అన్న ప్రశ్న రావడం ఖాయం. ఇంకో అనుమానం కూడా చాలామందికి ఉంటుంది, ఆ ఎక్సెస్‌ను తాము ఎక్కడికో వెళ్ళి కట్టాలేమోనని. ఇక్కడ కట్టేదేమీ లేదు, ఇచ్చే మొత్తంలోంచే తగ్గుతుంది. ఒక చిన్న వాక్యంతో ఆ అనుమానం తీరిపోతుంది.

ఇంతవరకు నాకు అలవాటైన పనే. చిక్కంతా «అండర్ ఇన్సూరెన్స్ 54,000» దగ్గర వచ్చింది. అన్ని తీసివేతల్లోకీ పెద్దది అదే, దాని గురించి ముసాయిదాలో ఒక్క ముక్క లేదు. ఎవరికైనా అంత డబ్బు తగ్గిస్తే ఎందుకో చెప్పాలి. చెప్పాలంటే ముందు నాకు అర్థం కావాలి. సర్వేయర్ నివేదిక తెరిచాను.

ఆవిడ ఇంట్లోని వస్తువులన్నిటికీ కలిపి 7,20,000కి బీమా చేయించుకున్నారు. సర్వేయర్ లెక్క ప్రకారం ఇంట్లోని వస్తువుల మొత్తం విలువ 12,00,000. అంటే విలువలో 60 శాతానికే బీమా ఉంది. ఈ పాలసీ ప్రకారం ఇలాంటప్పుడు నష్టంలోనూ 60 శాతమే ఇస్తారు. ఇల్లంతా పాడైతేనే ఈ నిబంధన వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ 9,000, 40,000 పోను మిగిలిన నష్టం 1,35,000 మాత్రమే అయినా, బీమా మొత్తం అంతకన్నా ఎంతో ఎక్కువ ఉన్నా ఇది వర్తిస్తుంది. ప్రీమియం కట్టింది విలువలో కొంత భాగానికే కాబట్టి ఏ చిన్న నష్టంలోనైనా ఆ భాగమే బీమా సంస్థది, మిగతాది పాలసీదారుది. 1,35,000లో 40 శాతం 54,000. అంకె ఎక్కడిదో తెలిసింది.

దీన్ని ఆవిడకు ఎలా చెప్పాలా అని రాసి చూసుకున్నాను. «మీరు తక్కువకు బీమా చేశారు» అంటే వేలు చూపించినట్టుంటుంది. వస్తువుల విలువ ఏళ్ళ మీద పెరుగుతూ పోవడం, బీమా మొత్తం ఉన్నచోటే ఉండిపోవడం వల్ల ఇలా జరుగుతుంది, చాలావరకు ఎవరూ కావాలని చేసేది కాదు. అందుకని మనిషి మీద కాకుండా అంకెల మీద పెట్టి రాశాను. రాస్తూ రాస్తూ ఈ రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి పడ్డాయి:

«మీ ఫర్నిచర్, టీవీ, పరుపులు కొంతకాలం వాడినవి కాబట్టి వాటి కొత్త ధర ఇవ్వలేము. వాడకం వల్ల తగ్గిన విలువ కింద 40,000 తీసేశాము.»

«మీ ఇంట్లోని వస్తువులన్నీ ఇవాళ కొత్తగా కొనాలంటే 12,00,000 అవుతుంది. మీ బీమా 7,20,000కే ఉంది కాబట్టి 54,000 తీసేశాము.»

అక్కడే కలం ఆగిపోయింది. మొదటి వాక్యంలో ఆవిడ వస్తువులు పాతవి అంటున్నాం. రెండో దాంట్లో అవే వస్తువులను కొత్తవిగా లెక్కేస్తున్నాం. ఇవ్వాల్సినప్పుడు వాడిన ధర, బీమా సరిపోయిందా లేదా అని కొలిచేటప్పుడు కొత్త ధర. ఒకే ఉత్తరంలో రెండు తూకపు రాళ్ళు.

ముసాయిదాలో ఇది కనిపించలేదు. «తరుగుదల 40,000, అండర్ ఇన్సూరెన్స్ 54,000» అని పేర్లు మాత్రమే ఉన్నప్పుడు రెండూ ఒకదానికొకటి సంబంధం లేని విషయాల్లా ఉంటాయి. ప్రతి అంకెకూ కారణాన్ని పూర్తి వాక్యంగా రాస్తే తప్ప రెండిటికీ పొంతన లేదని తెలియదు.

నేను పొరబడ్డానేమో అని పాలసీ తీసి చదివాను. నష్టం జరిగిన నాటికి వస్తువుకు ఉన్న విలువ, అంటే వాడకం వల్ల తగ్గినది పోను మిగిలిన విలువ, ఇస్తామని ఉంది. బీమా మొత్తాన్ని పోల్చాల్సిన విలువ గురించి కూడా అదే క్లాజులో, అదే పద్ధతిలో లెక్కించాలని ఉంది. పాతదానికి కొత్తది ఇచ్చే రకం పాలసీలు వేరే ఉంటాయి. వాటిలో మొత్తం విలువను కొత్త ధరల్లో కొలవడం సరైనదే, కానీ అప్పుడు తరుగు కింద 40,000 తీసే పని ఉండదు. ఏదో ఒక పద్ధతి మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి.

క్లెయిమ్స్ అధికారికి ఫోన్ చేశాను.

«అది సర్వేయర్ గారు ఇచ్చిన అంకె కదండీ, మీరు భాష చూస్తే చాలు. అంకెలు మనం మార్చలేం» అన్నారు.

«మార్చమని కాదు సార్. ఆ పన్నెండు లక్షలు నాకు కొత్త ధరల్లా కనిపిస్తున్నాయి, నిజంగా కొత్త ధరల మీద వేసినవా, వాడిన ధరల మీద వేసినవా అని ఒక్కసారి కనుక్కోండి. ఈ రెండు వాక్యాలూ వరసగా చదివితే ఆవిడ ఇదే అడుగుతారు. అప్పుడు నేను ఏం రాయాలి?»

రెండు వాక్యాలూ ఫోన్లోనే చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, «ఇంకోసారి చదవండి» అన్నారు. చదివాను. «సరే, సందేశం ఆపండి. సర్వేయర్ గారికి రాస్తాను» అన్నారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. సంతకం అయిపోయిన ఫైలును వెనక్కి తిప్పడం ఎవరికీ ఇష్టమైన పని కాదు.

ఈ విషయంలో నా హద్దు నాకు తెలుసు. తప్పు అనిపించిన అంకెను దిద్దుతూ దిద్దుతూ మార్చేసే హక్కు నాకు లేదు. మార్చితే ఫైల్లో ఒక మొత్తం, ఉత్తరంలో ఇంకో మొత్తం అవుతుంది. నేను చేయగలిగింది ప్రశ్న వేయడం, జవాబు వచ్చేదాకా సందేశాన్ని పంపకుండా ఆపడం.

మూడో రోజు సర్వేయర్ నుంచి సవరించిన పట్టిక వచ్చింది. 12,00,000 కొత్త ధరలే. అన్ని వస్తువులకూ వాడిన కాలాన్ని లెక్కలోకి తీసుకుంటే మొత్తం విలువ 9,00,000కి తగ్గింది. అంటే బీమా ఉన్నది 80 శాతానికి.

```
1,35,000 × 7,20,000 ÷ 9,00,000 = 1,08,000
1,08,000 − 10,000 = 98,000
```

71,000 కాదు, 98,000. తేడా 27,000. ఊరికే తెలుసుకుందామని ఇంకో లెక్క కూడా వేసి చూశాను. ఆవిడది కొత్త ధర ఇచ్చే పాలసీయే అయి ఉంటే 40,000 తీసేవాళ్ళు కాదు, 1,75,000లో 60 శాతం అంటే 1,05,000, ఎక్సెస్ పోను 95,000 వచ్చేది. ఏ పద్ధతి తీసుకున్నా 71,000 రాదు. రెండు పద్ధతుల్లోనూ ఆవిడకు నష్టం చేసే సగాలను కలిపితేనే ఆ అంకె వస్తుంది. ఎవరూ దురుద్దేశంతో చేసింది కాదని నాకు తెలుసు. తరుగు లెక్క ఒక పట్టికలో ఉంది, మొత్తం విలువ ఇంకో పట్టికలో ఉంది, రెండూ నింపింది వేరువేరు రోజుల్లో. అయినా ఆ ఉత్తరం వెళ్ళిపోయి ఉంటే ఆవిడ 27,000 పోగొట్టుకునేవారు, ఎందుకు పోయిందో ఆ ఉత్తరం చదివి కనుక్కునే దారి కూడా ఉండేది కాదు.

ఇప్పుడు రాయడానికి కూర్చున్నాను. ఇంకో విషయం తేల్చుకోవాల్సి వచ్చింది, అంకెలు ఏ వరసలో రావాలి అన్నది. ముసాయిదాలో ఎక్సెస్ అన్నిటికన్నా ముందు ఉంది. చాలా సందేశాల్లో అలాగే ఉంటుంది, అందరికీ తెలిసిన కోత కాబట్టి ముందు రాసేస్తారు. కానీ ఉత్తరంలో శాతం కూడా చెప్తున్నప్పుడు వరస మారితే లెక్కే మారిపోతుంది. ఆవిడ కాలిక్యులేటర్ తీసుకుని ఉత్తరంలో ఉన్న వరసలోనే వేశారనుకోండి: 1,35,000లోంచి ముందు 10,000 తీసేస్తే 1,25,000, అందులో 80 శాతం 1,00,000. మేం ఇచ్చేది 98,000. «నా 2,000 ఏవి?» అని అడిగితే జవాబు చెప్పలేక తడబడాలి.

ఆ 2,000 తేడా ఎందుకు వస్తుందంటే, ఎక్సెస్‌ను ముందు తీసేస్తే దానిలో కూడా 20 శాతం తగ్గుతుంది, పాలసీదారు భరించేది 8,000తో సరిపోతుంది. చివర్లో తీసేస్తే పూర్తి 10,000 భరించాలి. ఏది సరైనదన్నది లోకమంతటికీ ఒకటే నియమం కాదు, ఆ పాలసీలో ఏం రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ పాలసీలో, మిగతా నిబంధనలన్నీ వర్తింపజేసిన తర్వాత వచ్చిన మొత్తంలోంచి ఎక్సెస్ తీయాలని స్పష్టంగా ఉంది. అలా లేకపోయి ఉంటే మళ్ళీ అధికారికి ఫోన్ చేసేదాన్ని. కాబట్టి 98,000 సరైనదే, ఉత్తరంలో ఎక్సెస్ చివరికి రావాలి. లెక్క నడిచిన దారిలోనే ఉత్తరం నడవాలి.

తీసేసిన వాటిలో 9,000 సంగతి తేలిక. పగిలిన పైపును మార్చడానికి అయిన ఖర్చు అది. పైపు పాతబడి పగిలింది, పాతబడటం పాలసీ కిందకు రాదు. దానివల్ల నీళ్ళు వచ్చి వస్తువులు పాడవడం వస్తుంది. ఒకే ప్రమాదంలో ఒక భాగం వచ్చి, ఇంకో భాగం రాకపోవడం జనానికి వింతగా ఉంటుంది. అందుకని ఆ రెండిటినీ ఒకే వాక్యంలో పక్కపక్కన పెట్టాను.

తరుగు 40,000ను ఒకే ముద్దగా ఇవ్వకూడదనుకున్నాను. ఫర్నిచర్‌కు 20,000, ఎలక్ట్రానిక్ వస్తువులకు 15,000, పరుపులకూ బట్టలకూ 5,000. ఎందుకంటే ఆవిడ వాదించగలిగే చోటు ఇక్కడే ఉంటుంది. టీవీ నిరుడే కొన్నానని బిల్లు చూపిస్తే 15,000లో కొంత తిరిగి రావచ్చు. 40,000 అని మాత్రమే ఉంటే ఏ బిల్లు వెతకాలో కూడా తెలియదు. మొత్తం విలువ 9,00,000 అన్నదానికీ అంతే. దాని పట్టిక జతచేయమని అధికారిని అడిగాను, ఒప్పుకున్నారు.

చివరిగా «పూర్తి మరియు అంతిమ పరిష్కారముగా పరిగణించబడును» అన్న వాక్యం. డబ్బు ఖాతాలో పడినంత మాత్రాన ఇక అడగడానికి వీల్లేదన్న బెదిరింపు అందులో ఉంది. ఈ చెల్లింపుకు ఆవిడ దగ్గర అలాంటి సంతకం ఏదీ తీసుకోవడం లేదు, అభ్యంతరం చెప్పే అవకాశం ఆవిడకు ఉంది. ఉన్న హక్కు లేదనిపించే వాక్యం ఉండటానికి వీల్లేదని అధికారితో చెప్పాను. ఆయన ఎవరినో అడిగి, తీసేయమన్నారు. «జమ చేయబడును» కూడా మార్చాను. చేసేది మేమే అయినప్పుడు «జమ చేస్తాము» అనడానికి వెనకాడటం ఎందుకు? తీసేసిన దగ్గర కూడా అంతే, «తగ్గించబడినది» అంటే ఎవరు తగ్గించారో తెలియదు. మేమే తీసేశాం, అలాగే రాశాను.

వెళ్ళిన సందేశం ఇది:

«నమస్కారం అండీ. నీళ్ళ పైపు పగిలి మీ ఇంట్లోని వస్తువులు పాడైనందుకు మీరు అడిగిన క్లెయిమ్ 98,000కి తేలింది. ఇందులో 30,000 మీకు ముందే అడ్వాన్సుగా ఇచ్చాము. మిగిలిన 68,000 ఐదు పనిదినాల్లో మీ బ్యాంకు ఖాతాలో వేస్తాము.

మీరు అడిగింది 1,84,000. అది 98,000 ఎలా అయిందో వరసగా చెప్తున్నాము.

నీళ్ళ వల్ల పాడైన వస్తువులు మీ పాలసీ కిందకు వస్తాయి, పాతబడి పగిలిన పైపు రాదు. అందుకని పైపు మార్చిన ఖర్చు 9,000 తీసేశాము. మిగిలింది 1,75,000.

మీ పాలసీలో వస్తువుల కొత్త ధర కాకుండా, నష్టం జరిగిన రోజుకు వాటికి ఉన్న విలువ ఇస్తాము. వాడకం వల్ల తగ్గిన విలువ కింద ఫర్నిచర్‌కు 20,000, ఎలక్ట్రానిక్ వస్తువులకు 15,000, పరుపులకూ బట్టలకూ 5,000, మొత్తం 40,000 తీసేశాము. మిగిలింది 1,35,000.

మీ ఇంట్లోని వస్తువులన్నిటి విలువ, ఇదే పద్ధతిలో వాడకం లెక్కలోకి తీసుకుంటే, 9,00,000 అని సర్వేయర్ తేల్చారు. మీ బీమా 7,20,000కి ఉంది. అంటే విలువలో 80 శాతానికి. ఇలా ఉన్నప్పుడు నష్టంలో కూడా 80 శాతమే ఇవ్వాలని పాలసీలో ఉంది. 1,35,000లో 80 శాతం 1,08,000.

ఏ క్లెయిమ్‌లోనైనా మొదటి 10,000 మీరే భరించాలి. పాలసీ షెడ్యూల్‌లో దీన్నే ఎక్సెస్ అని రాశారు. ఇందులో 5,000 తప్పనిసరిగా ఉండేది, మిగతా 5,000 ప్రీమియం తగ్గడం కోసం పాలసీ తీసుకునేటప్పుడు మీరు ఎంచుకున్నది. దీన్ని మీరు విడిగా ఎక్కడా కట్టక్కర్లేదు, ఇచ్చే మొత్తంలోంచే తీసేశాము. మిగిలింది 98,000.

సర్వేయర్ నివేదిక, వస్తువుల విలువల పట్టిక జతచేశాము. ఏ వస్తువు వయసైనా, విలువైనా తప్పుగా ఉందనిపిస్తే బిల్లు గానీ ఫొటో గానీ పంపండి, ఆ లెక్క మళ్ళీ చూస్తాము. 68,000 తీసుకున్నంత మాత్రాన మీరు అభ్యంతరం చెప్పే అవకాశం పోదు. మా జవాబుతో మీకు తృప్తి కలగకపోతే ఫిర్యాదు ఎక్కడ, ఎలా చేయాలో కింద ఇచ్చాము.»

ముసాయిదాకు ఇది సుమారు ఐదు రెట్లు పొడవు. అధికారి మొదట ఇంత పొడవైతే చదవరన్నారు. కానీ చదివే మనిషికి ముఖ్యమైన మూడు అంకెలూ మొదటి మూడు నాలుగు వాక్యాల్లోనే ఉన్నాయి. అక్కడితో ఆపేసినా నష్టం లేదు. లెక్క అడిగేవాళ్ళకు మిగతాది ఉంది. ప్రతి తీసివేత తర్వాత «మిగిలింది ఇంత» అని రాయడం వల్ల ఆవిడకు ఎక్కడ అనుమానం వచ్చినా అక్కడే పట్టుకోవచ్చు. పంపేముందు పక్క సెక్షన్లో, ఈ ఫైల్ గురించి ఏమీ తెలియని ఒకావిడకు ఉత్తరం ఇచ్చి, ఫైలు చూడకుండా 98,000 రాబట్టమన్నాను. కాలిక్యులేటర్ మీద వరసగా వేసుకుంటూ వెళ్ళి రాబట్టారు. ఆ తర్వాతే పంపాం.

వారం తర్వాత పాలసీదారు ఫోన్ చేశారు. అధికారి లైన్ నాకు కలిపారు. పట్టికలో చూసుకున్నానని, పరుపుల్లో ఒకటి పైపు పగలడానికి నెల ముందే కొన్నదని చెప్పారు. బిల్లు పంపించారు. దాని మీద 2,000 తరుగు తీసేసి ఉంది. అది వెనక్కి కలిపితే నష్టం 1,37,000, అందులో 80 శాతం 1,09,600, ఎక్సెస్ పోను 99,600. ఆ పరుపు విలువ పెరిగింది కాబట్టి మొత్తం విలువ 9,00,000 మీద కూడా 2,000 పెరగాలి కదా అని సర్వేయర్‌ను అడిగారు అధికారి. పెంచితే తేడా రెండొందల చిల్లర, దాన్ని వదిలేస్తున్నామని ఫైల్లో రాసి ఇంకో 1,600 వేయించారు.

ఫోన్ పెట్టేముందు ఆవిడ ఇంకో మాట అడిగారు.

«వచ్చేసారి రెన్యువల్‌కి ఎంత రాయించుకోవాలండీ? తొమ్మిది లక్షలేనా?»

ఈ రకం పాలసీయే కొనసాగిస్తే అప్పటికి ఇంట్లో ఉన్న వస్తువుల వాడిన విలువ ఎంతుంటే అంత, ఇప్పటి లెక్కలో తొమ్మిది లక్షలు, కొత్త ధర ఇచ్చే పాలసీకి మారితే మాత్రం పన్నెండు లక్షలు రాయించుకోవాలని చెప్పాను. ఆవిడ రాసుకున్నారు. ఎక్సెస్‌ను 5,000కు తగ్గించుకుంటే ప్రీమియం ఎంత పెరుగుతుందో కూడా కనుక్కుంటానన్నారు.

ఆ సాయంత్రం మా పాత నమూనా సందేశం తెరిచి, విలువ చెప్పే ఖాళీ పక్కన ఇంకో ఖాళీ చేర్చాను: «ఈ విలువ కొత్త ధరలదా, వాడిన ధరలదా». దాన్ని నింపకపోతే సందేశం నా దగ్గర నుంచి ముందుకు వెళ్ళదు.